ఆర్డర్ చేయని పార్సిల్‌కు గుమ్మంలో డబ్బు అడిగితే

ప్రశ్న: ఇంట్లో ఎవరూ ఏమీ ఆర్డర్ చేయలేదు. అయినా నా పేరుతో పార్సిల్ వచ్చింది, క్యాష్ ఆన్ డెలివరీ అంటున్నారు. పేరు, చిరునామా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తీసుకోకపోతే నా మీదకు ఏమైనా వస్తుందా? పోయిన వారం అమ్మ ఇలాంటి దానికే డబ్బు కట్టేసింది. అది తిరిగి వస్తుందా?

జవాబు:

తీసుకోకండి, డబ్బు ఇవ్వకండి. మీరు కొనని వస్తువుకు డబ్బు కట్టాల్సిన బాధ్యత మీకు లేదు. వద్దంటే డెలివరీకి వచ్చిన వ్యక్తి తన ఫోనులో ‘తిరస్కరించారు’ అని నమోదు చేసుకుంటాడు, పార్సిల్ పంపినవాళ్ల దగ్గరికి వెనక్కి వెళ్తుంది. రానూ పోనూ రవాణా ఖర్చు పడేది వాళ్లకే. మీ అమ్మగారు కట్టిన డబ్బు సంగతి కింద విడిగా రాస్తాను, అక్కడ ఆలస్యం పనికిరాదు.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. తమ్ముడి పేరుతో పార్సిల్ వచ్చింది. ఆ సమయానికి నాన్నగారు ఒక్కరే ఇంట్లో ఉన్నారు. ఈ మోసం నడిచేదే అలాంటి వేళల్లో. పేరు మనవాళ్లదే, అడిగేది పెద్ద మొత్తం కాదు, ‘పిల్లలెవరో తెప్పించుకుని ఉంటారు, డబ్బు లేదంటే బాగుండదు’ అని పెద్దవాళ్లు ఇచ్చేస్తారు. మొత్తం చిన్నదిగా పెట్టడం వెనుక ఉన్న ఆలోచన కూడా అదే: ఫోను చేసి అడగాలని అనిపించనంత, పోయాక ఫిర్యాదుకు తిరగాలని అనిపించనంత.

నాన్నగారు మాత్రం నాకు ఫోను చేశారు. పార్సిల్ చేతిలోకి తీసుకోకుండా, దాని మీది లేబుల్‌ను మాత్రం ఫొటో తీసి పంపమన్నాను. ఆ లేబుల్‌లోనే అంతా బయటపడింది. చిరునామా మాదే కానీ ఫోను నంబరు తమ్ముడు ఎప్పుడో వదిలేసిన పాతది. అందుకే ‘మీ పార్సిల్ బయలుదేరింది’ అనే మెసేజ్ ఇంట్లో ఎవరికీ రాలేదు. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడి ఉంది. తమ్ముడు చాలాకాలం కిందట ఒక చిన్న వెబ్‌సైట్‌లో కొన్నప్పుడు సరిగ్గా అదే తప్పుతో, అదే పాత నంబరుతో వివరాలు ఇచ్చాడు. పాత మెయిల్ తీసి చూస్తే రెండూ అక్షరం పొల్లు పోకుండా కలిశాయి. అంటే వివరాలు ఆ కొనుగోలు నుంచే ఎక్కడికో చేరాయన్నమాట. మీ లేబుల్ మీద ఉన్న పేరునూ నంబరునూ ఇలా పోల్చి చూడండి. చిరునామా సరిగ్గా ఉంది కాబట్టి పార్సిల్ నిజమైనదే అనుకోవడానికి లేదు. అది మన చేయి దాటి చాలా చోట్లకు వెళ్లి ఉంటుంది.

లేబుల్‌లో చూడాల్సినవి ఇంకో రెండున్నాయి: పంపినవారి పేరు, ఆర్డర్ నంబరు. నిజంగా మీరు కొన్నదైతే ఆ ఆర్డర్ నంబరు మీ ఖాతాలోని ఆర్డర్ల జాబితాలో కనిపించి తీరాలి. యాప్ తెరిచి చూడటానికి రెండు నిమిషాలు చాలు, అంతవరకు ఆ అబ్బాయిని ఆగమనండి. ఆగలేనంటే పార్సిల్ తీసుకెళ్లిపొమ్మనండి, మీదే అని తేలితే మళ్లీ తెప్పించుకోవచ్చు. బంధువులో స్నేహితులో కానుక పంపారేమో అన్న అనుమానం వస్తుంది. కానుక పంపేవాళ్లు డబ్బు మీ చేత కట్టించరు కదా.

‘తెరిచి చూసుకుని కట్టండి’ అంటే సంతోషపడకండి. చాలా కొరియర్లలో డబ్బు కట్టకముందు తెరవనివ్వరు. తెరవనిచ్చినా, మీది కాని పెట్టెను తెరిస్తే తర్వాత వాదనకే దారి.

ఓటీపీ దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. కొందరు ‘సరే, రద్దు చేస్తాను, మీ ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పండి’ అంటారు. తిరస్కరణను నిర్ధారించుకోవడానికి కొన్ని సంస్థలు నిజంగానే ఓటీపీ పంపుతాయి, కాబట్టి అడిగిన ప్రతివాడూ మోసగాడని అనలేం. కానీ ఆ మెసేజ్‌లో ఏముందో మొత్తం చదవండి. డెలివరీ కోసం అని ఉంటే, అది చెప్పడమంటే పార్సిల్ తీసుకున్నట్టు ఒప్పుకోవడమే. బ్యాంకు పేరో, ఏదైనా ఖాతాలోకి లాగిన్ అనో ఉంటే దానికీ పార్సిల్‌కూ సంబంధమే లేదు. అనుమానం ఉంటే చెప్పకండి, తిరస్కరణ ఎలా నమోదు చేయాలన్నది వాళ్ల ఆఫీసు చూసుకుంటుంది. ‘రద్దుకు ఈ నంబరు డయల్ చేయండి’ అని `**21*` తో మొదలయ్యేది ఇచ్చినా చేయకండి. అది మీకు వచ్చే కాల్స్‌ను వేరే నంబరుకు మళ్లించే కోడ్. అప్పటికే చేసి ఉంటే `##002#` డయల్ చేస్తే మళ్లింపులన్నీ పోతాయి.

వచ్చిన అబ్బాయి మీద మాత్రం అరవకండి. చాలా సందర్భాల్లో అతనికి పెట్టెలో ఏముందో తెలియదు. అతని చేతిలో ఉన్న జాబితాలో మీది ఒక పేరు, అంతే. మా ఇంటికి వచ్చిన అతను ‘ఇలాంటివి వెనక్కి తీసుకెళ్లడం నాకు మామూలే’ అని నాన్నగారితో చెప్పి వెళ్లాడు.

ఇక మీ అమ్మగారు కట్టిన డబ్బు. గుమ్మంలో వసూలైన సొమ్ము ఆ రోజే అమ్మకందారుకు చేరదు. కొరియర్ సంస్థ దాన్ని పోగుచేసి, కొన్ని రోజుల తర్వాత లెక్క చూసి పంపుతుంది. ఆ మధ్యకాలంలో ఫిర్యాదు అందితే ఆపే వీలుంటుంది, దాటితే కష్టం. మా పక్కింటి అత్తయ్యగారు ఇలాగే కట్టేస్తే అదే సాయంత్రం కూర్చుని ఫిర్యాదు రాశాం: ట్రాకింగ్ నంబరు, కట్టిన మొత్తం, తేదీ, లేబుల్ ఫొటో, ‘ఈ వస్తువును ఈ ఇంట్లో ఎవరూ ఆర్డర్ చేయలేదు, సొమ్మును అమ్మకందారుకు పంపకుండా నిలిపి ఉంచండి’ అన్న ఒక్క వాక్యం. పెట్టె విప్పలేదు. కొన్నాళ్లకు వాళ్లే పార్సిల్ తీసుకెళ్లి డబ్బు వెనక్కి ఇచ్చారు. మీకు వారం గడిచింది కాబట్టి ఈ రోజే రాయండి. ఫోనులో, యాప్‌లో కట్టి ఉంటే ఆ లావాదేవీలో ఎవరి పేరు ఉందో చూడండి. కొరియర్ సంస్థ పేరు కాకుండా ఎవరో వ్యక్తి పేరు ఉంటే సొమ్ము నేరుగా వాళ్ల ఖాతాకే వెళ్లిందన్నమాట. అప్పుడు మొదట బ్యాంకుకు, తర్వాత సైబర్ నేరాల పోలీసులకు చెప్పాలి.

ఫిర్యాదుకు పెట్టె మీద అచ్చేసిన ‘కస్టమర్ కేర్’ నంబరు వాడకండి. అది పంపినవాళ్లే వేసుకున్నది కావచ్చు. వెతికితే పైన కనిపించే ప్రకటనల్లోని నంబర్లనూ నమ్మకండి. కొరియర్ సంస్థ సొంత వెబ్‌సైట్ చిరునామా మీరే టైప్ చేసి, అక్కడి ఫిర్యాదు పేజీలో రాయండి. ‘డబ్బు తిరిగి ఇస్తాం, ఈ యాప్ వేసుకోండి, స్క్రీన్ చూపించండి’ అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. తిరిగి చెల్లించడానికి మీ స్క్రీన్ చూడాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఏది కొన్నా ముందుగానే డబ్బు కట్టేస్తున్నాం. గుమ్మంలో డబ్బు అడిగిన పార్సిల్ ఏదైనా సరే, ఎవరి పేరుతో వచ్చినా సరే, నాన్నగారు ‘మాది కాదు’ అని పంపేస్తున్నారు, మాకెవరికీ ఫోను కూడా చేయడం లేదు.