ఓడీ వడ్డీలో 52.60 తేడా ఎక్కడిది?

"30 రోజుల నెల, రేటు 12 శాతం. 1 నుంచి 2,00,000 ఓడీ వాడకం, 11న 80,000 చెక్కు వేశాను, ఇంకేం లావాదేవీల్లేవు. నా లెక్కలో వడ్డీ 1,446.58, బ్యాంకు 1,499.18 వేసింది."

ముందు తేడానే తిరగేసి చూడండి. 52.60ని 36500తో గుణించి 12తో భాగిస్తే దాదాపు 1,60,000 వస్తుంది, అంటే మీ 80,000 సరిగ్గా రెండు రోజులు. చెక్కు మీరు వేసింది 11న అయినా డబ్బు లెక్కలోకి వచ్చింది 13న అన్నమాట. స్టేట్‌మెంట్‌లో రెండు తేదీల కాలమ్‌లు ఉంటే వాల్యూ డేట్ చూడండి, వడ్డీ నడిచేది దాని మీదే (చాలామంది పక్క కాలమ్ చూసి బ్యాంకుతో గొడవపడతారు).

ఇప్పుడు మళ్లీ వేద్దాం. మొదటి 12 రోజులు 2,00,000 చొప్పున 24,00,000, మిగతా 18 రోజులు 1,20,000 చొప్పున 21,60,000, కలిపితే 45,60,000. దాన్ని 12తో గుణించి 36500తో భాగిస్తే 1,499.18, బ్యాంకు అంకె పైసాతో సహా కుదిరింది.

మీ ఖాతాలో లావాదేవీలు పెరిగాక మాత్రం ప్రతి ఎంట్రీ పక్కన ఉన్న బ్యాలెన్స్ తీసుకోకండి, రోజుకి ఒక్కటే, ఆ రోజు ముగింపుది, అదీ ఓడీలో ఉన్న రోజులకే. ఖాతాలో మీ సొమ్మే మిగిలిన రోజుకి సున్నా వేయాలి, మైనస్ వేస్తే వడ్డీ తగ్గిపోయి కనిపిస్తుంది. సెలవు రోజులకి ముందు రోజు బ్యాలెన్సే కొనసాగుతుంది.

క్లియరింగ్ 13న కాక 12నే అయినట్టు ఆధారం ఉంటే అప్పుడు 26.30 వెనక్కి అడగండి.