డివిడెండ్ మళ్ళీ అదే ఫండ్‌లో పడుతూ వచ్చింది, అమ్మినప్పుడు కొన్న ధర ఎంత అని చూపించాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా నాయన రిటైర్డ్ టీచర్. 2016లో ఒక ఏజెంట్ మాట విని ఈక్విటీ మ్యూచువల్ ఫండ్‌లో లక్ష రూపాయలు పెట్టిండు. డివిడెండ్ ఎప్పుడూ చేతికి రాలేదు, మళ్ళీ అందులోనే వేసుకున్నరట. ఈ మధ్య మొత్తం అమ్మేసినం. వచ్చినదాంట్లోంచి లక్ష తీసేసి మిగతాదంతా లాభమని రిటర్న్‌లో చూపించాల్నా? పాత కాగితాలు ఒక్కటి కూడా లేవు, టెన్షన్‌గా ఉంది.

జవాబు:

చూపించనక్కర్లేదు. అట్లా చూపిస్తే కట్టనవసరం లేని పన్ను కడతారు. డివిడెండ్ తిరిగి ఫండ్‌లో పడ్డ ప్రతిసారీ మీ నాయన పేరు మీద కొత్త యూనిట్లు కొన్నట్టే లెక్క. ఆ రోజు పెట్టిన డబ్బే ఆ యూనిట్ల కొన్న ధర, ఆ రోజే వాటి కొనుగోలు తేదీ. అంటే మీ దగ్గర ఉన్నది ఒక్క కొనుగోలు కాదు. మొదటి లక్ష ఒకటి, డివిడెండ్ పడ్డ ప్రతి ఏడాదీ ఇంకొకటి.

మా ఇంట్లోవాళ్ళ రిటర్నులు నేనే వేస్తుంటాను. మా పెద్దనాయనది అచ్చం ఇలాంటి కేసే, ఆయన కూడా నల్లగొండలో ఒక ఏజెంట్ దగ్గర లక్షే పెట్టారు. ఆ లెక్క చెప్తాను. సులువుగా అర్థం కావాలని అంకెలు గుండ్రం చేశాను. 2020 జులై నుంచి కొనుగోళ్ళ మీద పడే స్టాంప్ డ్యూటీ ఇంత చిన్న మొత్తాలకు పైసల్లోనే ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేశాను.

2016 మార్చిలో లక్ష పెట్టినప్పుడు యూనిట్ ధర 20 రూపాయలు, 5,000 యూనిట్లు వచ్చాయి. 2017 మార్చిలో యూనిట్‌కు 2 రూపాయల చొప్పున 10,000 డివిడెండ్ ఇచ్చారు. అది 25 ధరకు మళ్ళీ పడి 400 యూనిట్లయింది. 2019 మార్చిలో ఉన్న 5,400 యూనిట్ల మీద 10,800 వచ్చింది, 27 ధరకు ఇంకో 400 యూనిట్లు. 2022 మార్చిలో రెండున్నర చొప్పున 14,500 ప్రకటించారు. అయితే ఆ ఏడాది డివిడెండ్ 5,000 దాటింది కాబట్టి 10 శాతం, అంటే 1,450 టీడీఎస్ కోసుకొని మిగిలిన 13,050 మాత్రమే 29 ధరకు పెట్టారు, 450 యూనిట్లు. 2024 ఫిబ్రవరిలో 12,500లో టీడీఎస్ 1,250 పోగా 11,250తో 37.50 ధరకు 300 యూనిట్లు. మొత్తం 6,550 యూనిట్లు. 2024 డిసెంబర్‌లో 40 చొప్పున అన్నీ అమ్మితే 2,62,000 వచ్చింది.

మీరు అనుకున్నట్టు చేస్తే లాభం 1,62,000. అందులో 1,25,000 వరకు పన్ను లేదు. మిగిలిన 37,000 మీద 12.5 శాతం, సెస్‌తో కలిపి 4,810 రూపాయలు కట్టాలి. ఇప్పుడు ఒక్కో కొనుగోలును విడిగా చూడండి.

మొదటి 5,000 యూనిట్లు 2018 జనవరి 31కి ముందు కొన్నవి. వీటికి ప్రత్యేక వెసులుబాటు ఉంది: అసలు కొన్న ధర, 2018 జనవరి 31 నాటి ఎన్‌ఏవీ అంటే ఆ రోజు యూనిట్ ధర, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అదే కొన్న ధర. (అమ్మిన ధర ఆ రోజు ఎన్‌ఏవీ కంటే తక్కువైతే, ఎన్‌ఏవీ స్థానంలో అమ్మిన ధరను తీసుకోవాలి. కాబట్టి ఈ వెసులుబాటుతో లేని నష్టం పుట్టించడం కుదరదు.) ఆ రోజు ఎన్‌ఏవీ 28. కాబట్టి కొన్న ధర లక్ష కాదు, 1,40,000. అమ్మకం 2,00,000, లాభం 60,000. 2017 నాటి 400 యూనిట్లకూ ఇదే రూలు వర్తిస్తుంది: 10,000కు బదులు 11,200 కొన్న ధర, లాభం 4,800. 2019 యూనిట్లకు ఆ వెసులుబాటు లేదు, అసలు ధర 10,800, లాభం 5,200. 2022వి 13,050 పోగా 4,950. ఇవన్నీ ఏడాది దాటినవి, దీర్ఘకాలిక లాభం మొత్తం 74,950. అంటే 1,25,000 లోపే, పన్ను సున్నా.

మిగిలింది 2024 ఫిబ్రవరిలో వచ్చిన 300 యూనిట్లు. పెద్దనాయన పెట్టుబడి పెట్టి ఎనిమిదేళ్ళు దాటినా ఈ యూనిట్ల వయసు పది నెలలే. వీటి మీద వచ్చిన 750 స్వల్పకాలిక లాభం, దాని మీద 20 శాతం లెక్కన 150 రూపాయలు, పైన సెస్. డబ్బు పరంగా ఇది లెక్కలోది కాదు. కానీ ఫారం మారిపోతుంది. 1,25,000 లోపు దీర్ఘకాలిక లాభం ఒక్కటే ఉంటే 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఐటీఆర్-1లోనే వేయొచ్చు. స్వల్పకాలిక లాభం ఒక్క రూపాయి ఉన్నా ఐటీఆర్-2 వేయాల్సిందే. డివిడెండ్ రీఇన్వెస్ట్ ఫండ్ మొత్తంగా అమ్మేవాళ్ళకు చివరి ఏడాది యూనిట్ల విషయం తట్టదు. ముందు కొన్నవే ముందు అమ్మినట్టు లెక్క కాబట్టి, ఆ చివరి 300 యూనిట్లు వదిలేసి మిగతావి అమ్మినా సరిపోయేది. పెద్దనాయనకు చెప్తే "మూడొందల యూనిట్ల కోసం మళ్ళా ఎవరు తిరుగుతరు, తీసెయ్" అన్నారు.

టీడీఎస్ దగ్గర అందరికీ ఒక అనుమానం వస్తుంది. డివిడెండ్ 14,500 అయినప్పుడు కొన్న ధర 13,050 అని ఎందుకు రాయాలి అని. యూనిట్లు కొన్నది 13,050తోనే. ఆ ఏడాది రిటర్న్‌లో ఇతర ఆదాయం కింద మాత్రం పూర్తి 14,500 చూపించాలి, కోసుకున్న 1,450ని పన్ను జమగా అడగాలి. ఇక 2020 మార్చి వరకు వచ్చిన డివిడెండ్ల మీద మన చేతిలో పన్ను లేదు. ఈక్విటీ ఫండ్లకు 2018 ఏప్రిల్ నుంచి ఫండ్ కంపెనీయే కట్టేది, అంతకుముందు అదీ లేదు. పన్ను పడలేదు కదా, మరి దాన్ని కొన్న ధరలో కలుపుకోవచ్చా అంటే నిక్షేపంగా కలుపుకోవచ్చు. ఆ డబ్బు పెట్టి యూనిట్లు కొన్నాం, అంతే.

ఇప్పుడు కాగితాల సంగతి. పాతవి లేకపోయినా నష్టం లేదు. ఫండ్ కంపెనీల తరఫున రికార్డులు చూసే CAMS లేదా KFintech వెబ్‌సైట్‌లో పాన్, రిజిస్టర్ అయిన ఈమెయిల్ ఇచ్చి CAS అనే స్టేట్‌మెంట్ తెప్పించుకోండి. కంపెనీలన్నింటి లావాదేవీలూ ఒకే పీడీఎఫ్‌లో మెయిల్‌కు వస్తాయి, పాస్‌వర్డ్ మీరు పెట్టుకున్నదే. రెండు చోట్ల జాగ్రత్త. Summary కాకుండా Detailed ఎంచుకోవాలి. కాలం అడిగినచోట Specific Period తీసుకొని మొదటి పెట్టుబడి కంటే ముందు తేదీ ఇవ్వాలి. ఊరికే ఈ ఆర్థిక సంవత్సరం అని ఇస్తే పాత కొనుగోళ్ళు కనిపించవు. వచ్చిన పీడీఎఫ్ పూర్తిదా కాదా అని తెలుసుకోవడం సులువే: ప్రతి ఫోలియో, అంటే ఫండ్ కంపెనీలో మీ ఖాతా, మొదట్లో Opening Unit Balance అనే వరుస ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే మొదటి నుంచీ వచ్చినట్టు. వేరే అంకె ఉంటే అంతకుముందు కొనుగోళ్ళు అందులో లేవు, ఇంకా వెనక తేదీ ఇచ్చి మళ్ళీ తెప్పించుకోండి. అమ్మేసిన ఫోలియో కావాలంటే సున్నా బ్యాలెన్స్ ఉన్నవి కూడా చూపించమనే ఎంపిక పెట్టాలి. మీరు మొత్తం అమ్మేశారు కాబట్టి ఇది మరిచిపోవద్దు.

మా దగ్గర అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. పెద్దనాయనకు ఈమెయిల్ లేదని ఏజెంట్ ఫారంలో తన ఈమెయిల్, తన ఫోన్ నంబర్ రాసుకున్నాడు. మన జిల్లాల్లో పెద్దవాళ్ళ ఫోలియోలు ఇలా చాలా ఉంటాయి. CAS అడిగితే ఏజెంట్‌కు పోతుంది, లేదా ఆ ఈమెయిల్‌కు ఫోలియో లేదంటుంది. ఫండ్ కంపెనీ దగ్గర వివరాల మార్పు ఫారం తీసుకొని, పెద్దనాయన సంతకం, పాన్ కాపీ ఇచ్చి మా అన్న ఈమెయిల్ పెట్టించాం. కుటుంబ సభ్యుడి ఈమెయిల్ ఇస్తే అది ఎవరిదో ఫారంలో టిక్ పెట్టాలి.

CASతో పాటు అవే సైట్లలో క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంట్ కూడా దొరుకుతుంది. నేను చేసిన ఈ విభజనంతా అందులో చేసి ఉంటుంది. అయినా CAS చూసి నా షీట్‌లో వరుసలు వేసుకున్నాకే దానితో సరిచూస్తాను. షీట్‌లో పెద్దగా ఏం ఉండదు: తేదీ, కొనుగోలా డివిడెండా అమ్మకమా, ఎంత డబ్బు, ఏ ధర, ఎన్ని యూనిట్లు, ఆ రోజుకు మొత్తం యూనిట్లు, డివిడెండ్ అయితే ఎంత టీడీఎస్. చివరి గడిలోని మొత్తం యూనిట్లు CAS చివరి బ్యాలెన్స్‌తో కలిస్తే ఏ డివిడెండూ తప్పిపోలేదని అర్థం. ఏటా ఏప్రిల్‌లో కొత్త CAS తెప్పించి ఆ ఏడాది వరుసలు చేర్చడానికి పది నిమిషాలు కూడా పట్టదు.

2018 జనవరి 31 ఎన్‌ఏవీ మీరే వెతుక్కుంటే ఫండ్ కంపెనీల సంఘమైన AMFI వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అక్కడ ఒకే ఫండ్ పేరు మీద గ్రోత్, డివిడెండ్, డైరెక్ట్, రెగ్యులర్ అని వేరువేరు ధరలుంటాయి. గ్రోత్ ధర మామూలుగా బాగా ఎక్కువ ఉంటుంది. దాన్ని తీసుకుంటే లాభం మాయమైపోతుంది, తర్వాత నోటీసు వస్తే జవాబు చెప్పడం కష్టం. మీరు తీసుకున్న ధర CASలో ఆ చుట్టుపక్కల తేదీల్లో మీకు యూనిట్లు వచ్చిన ధరకు దగ్గరగా ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. 2021 ఏప్రిల్ నుంచి డివిడెండ్ ప్లాన్ పేరును IDCW అని మార్చారు, పాత స్టేట్‌మెంట్‌లో ఒక పేరు, కొత్తదాంట్లో ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడకండి.

ఐటీఆర్-2లో దీర్ఘకాలిక లాభాలు చూపించే 112A షెడ్యూల్ తెరిస్తే 2018 జనవరి 31 లోపు కొన్నవాటిని ISIN అనే ఫండ్ గుర్తింపు కోడ్, యూనిట్లు, ఆ రోజు ఎన్‌ఏవీతో విడివిడిగా నింపాలి. ఆ తర్వాత కొన్నవాటిని కలిపి ఒకే వరుసలో ఇవ్వొచ్చు. అమ్మిన మొత్తాన్ని బ్యాంకు పాస్‌బుక్ చూసి రాయకండి, అందులో అమ్మేటప్పుడు కోసుకునే ఎస్‌టీటీ అనే పన్ను పోయాక మిగిలింది ఉంటుంది, మా లెక్కలో అయితే రెండున్నర రూపాయల తేడా. ఎస్‌టీటీని లాభంలోంచి తీసేయనివ్వరు.

ఇంకొక్కటి. మీ నాయనకు ఇలాంటి ఫండ్లు ఇంకా ఉండి వాటిని డీమ్యాట్‌లోకి మార్చే ఆలోచన ఉంటే, మార్చే ముందే పూర్తి CAS దింపి పెట్టుకోండి. మార్చాక వచ్చే డీమ్యాట్ స్టేట్‌మెంట్‌లో ఎన్ని యూనిట్లు ఉన్నాయో ఉంటుంది కానీ, ఏ డివిడెండ్ ఏ ధరకు పడిందో ఉండదు.