కాలం-పని లెక్కలు ఎప్పుడు ఆపాలి?

> "కాలం-పని 300 లెక్కలు చేశా. 20కి 18 కరెక్టే, అయినా వదలాలంటే భయం. ఎప్పుడు ఆపాలి?"

లోపం ప్రాక్టీసులో లేదు, కొలతలో ఉంది. ఒకే చాప్టర్ వరసగా చేస్తుంటే పైనున్న శీర్షికే పద్ధతి చెప్పేస్తుంది. ఆ 18ని నమ్మలేం.

1. మూడు రోజులు ఈ చాప్టర్ ముట్టుకోకండి.
2. తర్వాత శాతాలు, నిష్పత్తి, వేగం-దూరంతో కలిపి 20 లెక్కలు టైమ్ పెట్టి చేయండి. కాలం-పనివి 6 చాలు. చాలామంది వదిలేసేది ఈ కలపడమే.
3. తప్పు ఎక్కడో చూడండి. ఒకరు 12 రోజుల్లో, ఇంకొకరు 18 రోజుల్లో చేసే పని ఇద్దరూ కలిసి చేస్తే? క.సా.గు. 36, రోజుకు 3+2=5 భాగాలు, 36/5=7.2 రోజులు. ఈ దారి తట్టి భాగహారంలో జారితే చాప్టర్ వచ్చినట్టే. సగటు తీసి 15 అన్నారంటే రాలేదు (ఇద్దరు కలిస్తే 12 కన్నా తగ్గాలి కదా).

6లో 5కి దారి తట్టితే ఆపేయండి. పది రోజులకోసారి రెండు లెక్కలు చేస్తే చాలు.