డైరెక్ట్ అని కనిపించేవాళ్లంతా నిజంగా ఎక్కడి నుంచి వస్తున్నారు?

ప్రశ్న: మా సైట్‌కి వచ్చేవాళ్లలో సగానికి పైగా అనలిటిక్స్‌లో డైరెక్ట్ అనే చూపిస్తోంది. ఇంతమంది అడ్రస్ టైప్ చేసి వస్తారా? వాట్సాప్‌లో లింకులు తిరుగుతున్నాయేమోనని అనుమానం. తెలుసుకునే దారి ఉందా?

జవాబు: ఉంది, కానీ కొంతవరకే. కర్నూలులో మా బావ బియ్యం వ్యాపారానికి సైట్ నేనే చూస్తాను. కేసీ కెనాల్ కింద పండిన సోనా మసూరి, 26 కిలోల బస్తాలు, ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు అపార్ట్‌మెంట్లకు వెళ్తాయి.

ఒక వెబ్ పేజీలో లింకు నొక్కితే, ఏ సైట్ నుంచి వచ్చారో బ్రౌజర్ మామూలుగా అవతలి సైట్‌కి చెబుతుంది. వాట్సాప్ ఒక యాప్. అందులో నొక్కిన లింకు బ్రౌజర్‌లో తెరుచుకునేటప్పుడు ఆ సమాచారం సాధారణంగా రాదు. మూలం తెలియని రాకలన్నీ డైరెక్ట్ ఖాతాలో పడతాయి. వీటికి డార్క్ సోషల్ అనే పేరు 2012లో ది అట్లాంటిక్ పత్రికలో అలెక్సిస్ మాడ్రిగల్ పెట్టాడు.

మమ్మల్ని ఎక్కువ దెబ్బతీసింది డైరెక్ట్ కాదు, ఫేస్‌బుక్ లెక్క. పాత బియ్యం పేజీకి పది రోజులు యాడ్ వేశాం. ఆ లింకుకి utm_source=facebook అని గుర్తు తగిలించాం. నెలాఖరుకు అనలిటిక్స్‌లో ఆ గుర్తుతో 230 రాకలు కనిపించాయి. యాడ్ బాగా పనిచేసిందని ఇంకో పది రోజులకు డబ్బు కట్టాం. తర్వాత యాడ్ ఖాతా తెరిస్తే మొదటి పది రోజుల్లో వచ్చిన క్లిక్కులు 85 మాత్రమే. రోజువారీగా చూస్తే సగానికి పైగా రాకలు యాడ్ ఆగిపోయాక వచ్చినవే. “ఆపేసిన యాడ్ నుంచి జనం ఎట్ల వస్తారు బామ్మర్దీ?” అన్నాడు బావ.

జరిగింది ఇది. యాడ్ చూసి వచ్చినవాళ్లెవరో అడ్రస్ బార్‌లోని లింకు కాపీ చేసి తమ గ్రూపులో పెట్టారు. గుర్తు కూడా దానితోపాటే వెళ్లింది. ఆ తర్వాత గ్రూపుల్లో నొక్కిన ప్రతి నొక్కూ ఫేస్‌బుక్ పేరున జమ అయింది. మీరూ యాడ్ వేస్తుంటే ముందుగా ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

దీనికి మేము చేసిన సవరణ, పేజీ తెరుచుకున్న కాసేపటికి అడ్రస్ బార్ నుంచి గుర్తు తీసేయడం:

```
setTimeout(function () {
  history.replaceState(null, "", location.pathname);
}, 3000);
```

రెండు జాగ్రత్తలు. మీ ప్రోడక్ట్ పేజీల అడ్రస్‌లో ?id= లాంటిది ఉంటే ఈ కోడ్ దాన్నీ తీసేస్తుంది, అప్పుడు కాపీ చేసిన లింకు పనిచేయదు. రెండోది, GA4లో బ్రౌజర్ హిస్టరీ మారినప్పుడు పేజీ వ్యూ లెక్కించే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఒకే పేజీ రెండుసార్లు లెక్కకు రావచ్చు. మేము దాన్ని ఆపేశాం.

తర్వాత ప్రతి బియ్యం రకం పేజీలోనూ వాట్సాప్ బటన్ పెట్టాం. అది పంపే లింకు ఇలా ఉంటుంది:

```
https://example.com/old-sona?utm_source=whatsapp&utm_medium=social
```

ఇక్కడ గుర్తు చేతులు మారినా పోకపోవడం మనకే మంచిది. కానీ బటన్ వాడకుండా కాపీ చేసేవాళ్లు ఇందులో దొరకరు. వాళ్ల కోసం డైరెక్ట్‌నే జల్లెడ పట్టాలి. ఆ తర్వాతి నెల మాకు 700 డైరెక్ట్ రాకలు వచ్చాయి. హోమ్ పేజీకి వచ్చినవి 180, వాటిని పక్కన పెట్టాను. మిగిలిన 520 లోపలి పేజీలకు నేరుగా వచ్చాయి. అంత పొడవు అడ్రస్‌లు ఎవరూ టైప్ చేయరు. అందులో పాత విజిటర్ల రాకలు 140 తీసేస్తే 380. వాట్సాప్ ఇంతకంటే పెద్దగా ఎక్కువ ఉండదని చెప్పే అంకె ఇది. ఎస్ఎంఎస్, పీడీఎఫ్, మెయిల్ యాప్ నుంచి వచ్చినవాళ్లు కూడా ఇందులోనే కలిసి ఉంటారు. మీ ఇంట్లో, షాపులో ఫోన్ల నుంచి చూసినవి కూడా ముందే తీసేయండి.

నాకు అన్నిటికంటే నమ్మకం కుదిరింది ఆర్డర్ ఫారంలో అడిగిన చిన్న ప్రశ్నతో: “మా గురించి ఎలా తెలిసింది?” ఆప్షన్లు ఇవ్వకుండా ఖాళీ పెట్టె పెట్టాం. ఆ నెల 64 ఆర్డర్లలో 31 మంది “అపార్ట్‌మెంట్ గ్రూపులో చూశాం”, “వదిన పంపింది” లాంటివి రాశారు. ఆ 31 అనలిటిక్స్‌లో చూస్తే 22 డైరెక్ట్, 9 గూగుల్. ఆ 9 మందిలో ఇద్దరికి ఫోన్ చేసి అడిగాను. వాళ్లకు గ్రూపులో వచ్చింది బస్తా ఫొటో మాత్రమే, లింకు లేదు. బస్తా మీది పేరు చూసి గూగుల్‌లో వెతికారు. ఇలాంటిది ఏ గుర్తుకీ అందదు, అడిగితేనే తెలుస్తుంది.

ఏ గ్రూపు, ఎవరు పంపారు అన్నది మాత్రం మీకు కనిపించదు. అది వాళ్ల సొంత సంభాషణ, దాన్ని తవ్వే ప్రయత్నం చేయకండి. మేము రెండోసారి కట్టిన యాడ్ గడువు అయిపోయాక మళ్లీ కట్టలేదు. ఆ డబ్బుతో బస్తా మీద పేరు, సైట్ అడ్రస్ ఫొటోలో చదవగలిగేంత పెద్దగా అచ్చు వేయిస్తున్నాం.