నల్లబడిన టీ సెట్టు కథకు ఒక దారి

"అమ్మ ట్రంకుపెట్టెలో దొరికిన నల్లబడిన టీ సెట్టు కోసం అక్కా తమ్ముడూ పోట్లాడుకునే కథ రాశాను. మొత్తం వాదోపవాదంలా ఉంది. ఎలా సరిచేయాలి?"

గొడవను వాళ్ల నోటినుంచి తీసి చేతుల్లో పెట్టండి. తమ్ముడు అది వెండి అనుకుని అమ్మి పంచుకుందామంటాడు, అక్క ఇవ్వనంటుంది. దీనికి నాలుగు వాక్యాలు చాలు. తర్వాత అతను తడిగుడ్డకు విభూతి అద్ది టీ కూజాను తోమడం మొదలుపెట్టాలి.

ఇక్కడ లోహమే మీకు సాయం చేస్తుంది. ఆ నలుపు, గాలిలోని గంధకపు వాయువుల వల్ల వెండి మీద ఏర్పడే పొర. సెట్టు ఇత్తడిదై పైన వెండి పూత మాత్రమే ఉంటే, తోమినప్పుడల్లా ఆ పూత కొంచెం అరుగుతుంది. అందుకే నలుపు పోయాక కూజా పొట్ట తెల్లగా మెరుస్తుంది కానీ పిడి మీద, మూత బొడిపె మీద పసుపు ఛాయ బయటపడుతుంది.

"ఇది వెండి కాదక్కా" అని తమ్ముడు గుడ్డ కింద పెడతాడు. అక్క ఆ పసుపు బొడిపెను రెండు వేళ్లతో పట్టుకుని చూస్తుంది. అమ్మ దాన్ని దాచుకోలేదు, ఏళ్ల తరబడి వాడింది. నాకు కథ అక్కడే ఉందనిపిస్తోంది. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనిపించకండి.

ఒక జాగ్రత్త: మొదటి పేరాలో పసుపు మచ్చ కనిపించకూడదు. ఇత్తడి కూడా మసకబారుతుంది కాబట్టి, అప్పటికి సెట్టంతా ఒకే నలుపులో ఉండటం సహజమే.