బియ్యం కడిగిన నీళ్లు, పుల్ల మజ్జిగ, అరటి తొక్క, టీ పిప్పి: మా కుండీల్లో ఏది పనికొచ్చింది, ఏది కొంప ముంచింది

ప్రశ్న: మా బాల్కనీలో ఒక కరివేపాకు, రెండు గులాబీలు, మిరప ఉన్నాయి. రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోస్తాను. అప్పుడప్పుడు మిగిలిన మజ్జిగ, అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు, టీ వడగట్టిన పొడి కూడా వేస్తాను. వీడియోల్లో అందరూ బ్రహ్మాండం అంటున్నారు, మావి మాత్రం పసుపెక్కుతున్నాయి. కుండీ దగ్గర ఏదో పులిసిన వాసన. ఇవి నిజంగా పనిచేస్తాయా? ఏవి వేయకూడదు?

జవాబు:

ముందు ఆ వాసన సంగతి చూడండి. మా ఇంట్లోనూ కథ అక్కడే మొదలైంది.

మాది హైదరాబాద్‌లో మేడ మీద తోట, బోరు నీళ్లు. కడియం నుంచి తెచ్చుకున్న గులాబీలు రెండు, 12 అంగుళాల కుండీల్లో ఉండేవి. మా అత్తగారు ఇప్పటికీ అన్నం వార్చే వండుతారు. ఊళ్లో ఉన్నప్పుడు కడుగు, గంజి, మిగిలిన మజ్జిగ అన్నీ కుడితి తొట్టిలోకి పోయేవి, గేదె తాగేది. ఇక్కడ గేదె లేదు కాబట్టి గులాబీ కుండీలే కుడితి తొట్టెలయ్యాయి. వాటికి తోడు నేను యూట్యూబ్ చూసి అరటి తొక్కలు ముక్కలు చేసి మట్టిలో పూడ్చాను, టీ పిప్పి పైన పరిచాను.

మొదటి నెల బాగానే ఉంది. రెండో నెలలో కింది ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది, పై ఆకుల అంచులు కాలినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. నీళ్లు తక్కువయ్యాయేమో అనుకుని ఇంకా పోశాను. మట్టి పైన తెల్లటి బూజు, చిన్న చిన్న నల్ల దోమల్లాంటి పురుగులు. పుల్ల గుచ్చి వాసన చూస్తే పాచిపోయిన గంజి కంపు. ఒక కుండీ బోర్లించేసరికి అడుగు మట్టి నల్లగా ముద్దయి ఉంది. వేళ్లు గోధుమ రంగులో మెత్తబడ్డాయి, లాగితే పైతోలు ఊడి చేతికొచ్చింది. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది.

జరిగిందేమిటంటే, మొక్క గంజిని తాగదు. గంజిలో పిండి, టీలో పంచదార, మజ్జిగలో పాల పదార్థం, ఇవన్నీ మట్టిలోని సూక్ష్మజీవుల తిండి. తిండి దొరికితే అవి పెరుగుతాయి, పెరుగుతూ మట్టిలోని గాలిని వాడేస్తాయి. పొలంలో అయితే ఫరవాలేదు, అంత విస్తీర్ణంలో గాలికి కొదవ లేదు, వానపాములు కూడా ఉంటాయి. కుండీలో ఉన్నదే కాస్త గాలి, అదీ తడి మట్టిలో. వేళ్లకు ఊపిరాడదు. పైగా పిండి, చక్కెర తిని పెరిగే సూక్ష్మజీవులు తమ ఒంటికి కావలసిన నత్రజనిని మట్టి నుంచే లాక్కుంటాయి. కాబట్టి ఎరువు వేశామని మనం సంబరపడుతుంటే మొక్క పస్తుంటుంది. కింది ఆకులు ముందు పసుపెక్కడం దాని గుర్తే.

అంచులు కాలడానికి కారణం వేరు: ఉప్పు. మా ఇంట్లో గంజి తాగేందుకు చిటికెడు ఉప్పు వేస్తారు, మజ్జిగలో మామూలుగానే ఉంటుంది. మిగిలింది కుండీకి. విడతకు ఒక గ్రాము చొప్పున, వారానికి మూడు నాలుగు సార్లు పోసినా, రెండు నెలలకు 30 గ్రాములు దాకా చేరుతుంది. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు ఎక్కడికీ పోదు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే చిన్న టీడీఎస్ మీటరు, ఆర్వో ఫిల్టర్ చూసుకోవడానికి కొన్నది, ఇంట్లో ఉంది. మా బోరు నీళ్లకు 700 దగ్గర చూపించే ఆ మీటరు, కుండీ అడుగు నుంచి కారిన నీళ్లలో పెడితే 3,000 దాటింది. (ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకు పోసేవాళ్లకూ ఇదే మాట. బోరు నీళ్లలో ఉన్న లవణాలు అందులో ఇంకా చిక్కబడి ఉంటాయి. నేల తుడవడానికి వాడుకోండి.)

రెండు గులాబీల్లో ఒకటి పోయింది. రెండోదాన్ని తీసి వేళ్లు కడిగి, కుళ్లినవి కత్తిరించి, కొత్త మట్టిలో పెట్టి పది రోజులు నీడలో ఉంచాను. మూడు వారాలకు చిగురు కనిపించింది.

ఆ దెబ్బ తర్వాత ఒక్కోదాన్ని విడివిడిగా, ఒక్కో కుండీలో చూస్తూ వచ్చాను.

బియ్యం కడిగిన నీళ్లలో కాస్త పిండి, తవుడు, వాటితోపాటు కొద్దికొద్దిగా పోషకాలు ఉంటాయి. దీన్ని ఎరువు అనుకోకండి, ఎటూ పోయాల్సిన నీళ్లలో కొంచెం సారం ఉందనుకోండి. కడిగిన రోజే, పులవకముందే పోయాలి. ఒక కుండీకి వారానికోసారి అర లీటరు చాలు, అది కూడా ఆ రోజు పోయాల్సిన నీళ్ల బదులుగా, మట్టి పైపొర ఆరాకే. ‘మూడు రోజులు పులియబెట్టి బెల్లం కలపండి’ అనే వీడియోల జోలికి వెళ్లకండి, బాల్కనీలో దోమలకు పండగ. ఉప్పు వేయని గంజి అయినా చిక్కటిది వద్దు. ఆరాక మట్టి మీద అట్టలా కడుతుంది, తర్వాత పోసిన నీళ్లు లోపలికి దిగవు.

మజ్జిగ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన వైపు కరివేపాకు, పుల్ల మజ్జిగ అవినాభావం. ఇందులో నిజం లేకపోలేదు. బోరు నీళ్లు సాధారణంగా సున్నం ఉన్న నీళ్లు. ఏళ్ల తరబడి పోస్తే మట్టి క్షారం వైపు జరుగుతుంది, అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. కరివేపాకులో ఇది ఇట్టే తెలుస్తుంది: కొత్త చిగురాకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. మజ్జిగ పులుపు ఆ క్షారాన్ని కాస్త తగ్గిస్తుంది, అందుకే పోశాక కొంచెం తేరుకున్నట్టు ఉంటుంది. కానీ ఆ పులుపును సూక్ష్మజీవులు కొద్ది రోజుల్లోనే తినేస్తాయి, మనం మళ్లీ అదే బోరు నీళ్లు పోస్తాం. మజ్జిగతో కొంత నత్రజని, కాల్షియం కూడా అందుతాయి, కాకపోతే తక్కువే. కాబట్టి ఉప్పు, ఇంగువ, కరివేపాకు తాలింపు ఏదీ లేని, వెన్న తీసిన మజ్జిగ ఒక గ్లాసుకు నాలుగైదు గ్లాసుల నీళ్లు కలిపి, పెద్ద కుండీకి నెలకోసారి పోస్తే నష్టం లేదు. కొవ్వు ఉంటే చీమలు, కంపు.

మా కరివేపాకుకు మాత్రం మజ్జిగతో పని జరగలేదు. ఇనుము ఉండే అన్నభేది తెచ్చి లీటరు నీళ్లకు 5 గ్రాములు, దానితో ఒక గ్రాము నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేశాను, పది రోజులకు మళ్లీ ఒకసారి. ఇది వేరుశనగలో ఇనుము లోపానికి రైతులు వాడే మోతాదే. కుండీ మొక్క కదా అని భయముంటే సగం మోతాదుతో మొదలుపెట్టి, ఒక కొమ్మ మీద చూసి అప్పుడు మిగతా చెట్టుకు కొట్టండి. చిగుళ్లు పచ్చబడ్డాయి. అయితే ఒక్క విషయం, మీ మొక్కలో పసుపెక్కుతున్నవి కింది ముదురాకులైతే ఇనుముతో పని లేదు. అది నత్రజనో, వేళ్ల ఇబ్బందో.

మజ్జిగ నిజంగా మెరిసేది తెగులు మందుగా. గులాబీ, సొరకాయ, బెండ ఆకుల మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు వస్తుంది చూడండి, దానికి. బ్రెజిల్‌లో గుమ్మడి జాతి మొక్కల మీద పాలను నీళ్లలో కలిపి వారానికోసారి కొట్టి బూడిద తెగులు తగ్గిందని 1999లో ఒక పరిశోధన వచ్చింది. నేను పుల్ల మజ్జిగను పలుచని బట్టలో వడగట్టి, ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పొద్దున్నే కొడతాను. తెగులు నాలుగైదు ఆకుల మీద ఉన్నప్పుడే పనిచేస్తుంది. చెట్టంతా తెల్లబడ్డాక కొడితే మిగిలేది మజ్జిగ వాసనే.

అరటి తొక్క విషయంలో లెక్క వేసి చూశాను. ఒక తొక్క 45 గ్రాములనుకుంటే పదింట తొమ్మిది వంతులు నీళ్లు. ఎండితే నాలుగైదు గ్రాములు. అందులో పొటాషియం సుమారు పావు గ్రాము. నానబెడితే అందులో కొంత నీళ్లలోకి దిగుతుంది, అదీ నిజమే, పొటాషియం సులువుగా కరుగుతుంది. కానీ బాగా మాగిన ఎరువు ఒక గుప్పెడు వేస్తే అంతకు తక్కువ రాదు, నత్రజని అదనం. అరటి తొక్కలో నత్రజని పెద్దగా లేదు కాబట్టి దాన్నే నమ్ముకున్న గులాబీ ఆకులు వెలవెలబోతాయి. పచ్చి తొక్కలు కుండీలో పూడిస్తే ఏమవుతుందో పైన చెప్పాను; మా పక్కింటావిడకైతే ఎలుక కుండీని తవ్వేసింది. తొక్కల్ని ముక్కలు చేసి ఎండబెట్టి కంపోస్టు డబ్బాలో వేస్తే దాని విలువ దానికి దక్కుతుంది.

టీ పిప్పిలో నత్రజని ఉంది, నెమ్మదిగా విడుదలవుతుంది. అసలు చిక్కు మన టీలో ఉంది. వీడియోలు చేసేవాళ్లు చాలామంది నీళ్లలో మరిగించిన ఆకు చూపిస్తారు, మనం పాలు, పంచదార వేసి కాస్తాం. రెండు మూడు సార్లు కడిగి, ఎండలో ఆరబెట్టి, నెలకు రెండు చెంచాలు పైమట్టిలో కలిపేయండి. పొరలా పరిస్తే అట్ట కట్టి నీళ్లు పక్కలనుంచి జారిపోతాయి.

ఇక అసలు హాని చేసేవాటిలో ఉప్పు తర్వాత నేను లెక్కపెట్టేది పూర్తిగా కుళ్లనివి. పచ్చి పేడ, అప్పుడే నానబెట్టిన వేరుశనగ చెక్క వంటివి. చెక్క నానిన చిక్కటి ద్రవం పోసి ఒక మిరపను రెండు రోజుల్లో వడలగొట్టాను. ఘాటైన అమ్మోనియా వాసన వస్తున్నప్పుడే ఆగాల్సింది. వాడితే బాగా మాగాక, పలుచని టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలపాలి. కట్టెల బూడిద, కోడిగుడ్డు పెంకులు కూడా బోరు నీళ్లవాళ్లకు కలిసిరావు. బూడిద క్షారాన్ని ఇంకా పెంచుతుంది, కరివేపాకు మరింత పసుపెక్కుతుంది. పెంకులేమో ఆ మట్టిలో కరగను కూడా కరగవు, ఏడాది తర్వాత కుండీ మార్చినప్పుడు అలాగే దొరికాయి.

ఇప్పుడు మీ కుండీలకైతే, ఇవన్నీ ఆపేసి పైన ఒక అంగుళం మట్టి తీసి పారేయండి. అడుగు రంధ్రాలు మూసుకున్నాయేమో పుల్లతో చూడండి. వాసన పైపొరలోనే ఉండి, నీళ్లు సాఫీగా దిగుతుంటే, కుండీలో మట్టి ఎంత పరిమాణముందో దానికి రెట్టింపు మంచినీళ్లు నెమ్మదిగా పోసి కిందికి కారనివ్వండి, ఉప్పు కడుక్కుపోతుంది. తర్వాత మట్టిలోకి వేలు రెండు కణుపులు దిగేంత వరకు పొడిగా తగిలేదాకా చుక్క నీళ్లు వద్దు. వాసన అడుగునుంచే వస్తుంటే కడగడం వల్ల ఇంకా నష్టమే, ముందు మొక్కను బయటికి తీసి వేళ్లు చూడండి. ఎరువు ఏదైనా సరే, కొత్త చిగురు వచ్చాకే.