సమాధానం: పాస్‌బుక్‌లో పెన్షన్ తక్కువ పడితే బ్యాంకుకు ఏం రాయాలి

ప్రశ్న: "కేంద్ర ప్రభుత్వ పెన్షనర్‌ని. మూల పెన్షన్ 30,000, కమ్యుటేషన్ కోత 12,000, డీఆర్ 50 శాతం. 2024 ఏప్రిల్, మే, జూన్ నెలలకు పాస్‌బుక్‌లో 27,000 చొప్పునే పడింది. బ్యాంకుకు ఏమని రాయాలి?"

తప్పు ఎక్కడో మీ అంకెల్లోనే కనిపిస్తోందండి. కోత పోగా మిగిలిన 18,000 మీద డీఆర్ లెక్కగట్టి 9,000 కలిపినట్టుంది. డీఆర్‌ను కోతకు ముందున్న పూర్తి పెన్షన్ మీద కట్టాలి, అంటే 15,000. దాన్ని 18,000కు కలిపితే నెలకు 33,000 రావాలి. రాసే ముందు పెన్షన్ స్లిప్ అడిగి తీసుకుని, ఆదాయపు పన్ను కోత ఏదీ లేదని చూసుకోండి.

"పెన్షన్ తక్కువొచ్చింది" అని మాత్రమే రాస్తే ఆ కాగితం కౌంటర్ దాటదు. ఇలా రాయండి:

"నా పీపీఓ నంబరు ..., ఖాతా నంబరు .... 2024 ఏప్రిల్, మే, జూన్ నెలలకు రూ.33,000 బదులు రూ.27,000 చొప్పున జమైంది. డీఆర్‌ను రూ.30,000 మీద కాక రూ.18,000 మీద లెక్కించారు. మూడు నెలల బకాయి రూ.18,000, ఆలస్యానికి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఏడాదికి 8 శాతం పరిహారం జమ చేసి, లెక్క రాతపూర్వకంగా ఇవ్వగలరు."

పీపీఓ నకలు, ఆ మూడు జమలున్న పాస్‌బుక్ పేజీల నకళ్లు జతచేయండి. లెక్క సరిచేసేది కేంద్రీకృత పెన్షన్ విభాగం, బ్రాంచి కాదు. కాబట్టి అక్కడికి పంపమని ఉత్తరంలోనే రాసి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.